లగ్నం మీద ప్లూటో, పావుగంట తప్పు

ముప్ఫై ఏళ్ళకు పైగా జాతకాలు చూశాను. మొదట అమీర్‌పేటలో మా గురువుగారి ఆఫీసులో, తరవాత పంజాగుట్టలో సొంతంగా ఒక గది తీసుకుని. ఈమధ్యే బోర్డు తీయించేశాను. ఈ పనిలోకి కొత్తగా దిగుతున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు ఫోన్లు చేసి "మీ అనుభవాలు చెప్పండి మేడం" అంటున్నారు. వాళ్ళకి కావలసినవి నేను సరిగ్గా చెప్పిన జాతకాలు. అవి ఎవరైనా చెప్తారు. మా వృత్తిలో ఎవరిని కదిలించినా సరిగ్గా చెప్పినవే వంద వినిపిస్తారు, తప్పినవి ఒక్కటీ గుర్తుండదు. నాకు ఒకటి గుర్తుంది. అది ఒక ఇంటిని మూడేళ్ళపాటు భయంలో ఉంచింది. అందులో నా పాత్రే ఎక్కువ కాబట్టి నేనే రాయాలి.

తొమ్మిదిలో లేని గ్రహం

మా గురువుగారు సోమయాజులు గారిది గోదావరి జిల్లా. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డుల మధ్య, మూడో అంతస్తులో ఆయన ఆఫీసు. ఆయనకి ప్లూటో పేరెత్తితే చిరాకు. నేను పంచాంగం పక్కన పాశ్చాత్యుల గ్రహ పట్టికల పుస్తకం పెట్టుకుంటే కళ్ళజోడు పైనుంచి చూసేవారు.

"తొమ్మిదింటితోనే వేగలేక చస్తున్నాం. పదోది ఎందుకే అమ్మాయ్ మనకి?"

"చూస్తే తప్పేంటండీ?"

"తప్పేం లేదు. అది కదిలేది నత్తలాగా. నువ్వు భయపడటం మొదలుపెడితే అది దాటేలోపు నీ జుట్టు నెరుస్తుంది."

ఆయన మాట కొట్టిపారేయదగింది కాదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ప్లూటో రాశిచక్రం ఒకసారి చుట్టి రావడానికి దాదాపు రెండు వందల నలభై ఎనిమిదేళ్ళు పడుతుంది. పూర్తి చుట్టు చూసిన మనిషి లేడు. దాని దారి కోలగా ఉంటుంది కాబట్టి వేగం ఒకేలా ఉండదు. ఒక రాశిని పన్నెండేళ్ళలో దాటుతుంది, ఇంకో రాశిలో ముప్ఫై ఏళ్ళు కూర్చుంటుంది. ఇప్పటి నడక ఏడాదికి సుమారు రెండు భాగలు, అంటే రెండు డిగ్రీలు. అదీ తిన్నగా వెళ్ళదు. ప్రతి ఏడాదీ అయిదు నెలలకు పైగా వెనక్కి నడుస్తుంది, అంటే వక్రిస్తుంది. ముందుకు పోతూ ఒకసారి, వెనక్కి వస్తూ ఒకసారి, మళ్ళీ ముందుకు పోతూ ఒకసారి, మన జాతకంలోని ఒకే బిందువును మూడుసార్లు తాకుతుంది. ఒక్కోసారి అయిదుసార్లు. అది ఏడాది నుంచి రెండేళ్ళ పని. దగ్గరికి రావడం, దాటి దూరం కావడం కూడా కలుపుకుంటే నాలుగైదేళ్ళు.

ఆ బిందువు పుట్టినప్పటి సూర్యుడైతే లెక్క సులువు. సూర్యుడు రోజుకి ఒక భాగ మాత్రమే కదులుతాడు, పుట్టిన సమయం అరగంట అటూ ఇటూ అయినా ఏం కాదు. లగ్నం అలా కాదు. తూర్పున ఉదయించే ఆ బిందువు సుమారు నాలుగు నిమిషాలకి ఒక భాగ జరిగిపోతుంది. అందుకే సోమయాజులు గారు జాతకం ముట్టుకునే ముందు ఒకే ప్రశ్న అడిగేవారు. "టైము చూసింది ఎవరి గడియారంలో?"

ఆసుపత్రి గడియారమా, మంత్రసాని చెప్పిందా, తాతగారి చేతి గడియారమా, రేడియోతో కలిపి పెట్టిందా, అన్నీ కావాలి ఆయనకి. వచ్చినవాళ్ళు విసుక్కునేవారు. ఒకాయన "పుట్టింది నేనండీ, గడియారం ఎవరిదైతే మీకేంటి?" అని లేచి వెళ్ళిపోయాడు. నేను లోపల నవ్వుకున్నాను. ముసలాయన చాదస్తం అనుకున్నాను. ఆయన దగ్గర ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసి నేను నేర్చుకోకుండా వదిలేసింది ఆ ఒక్క చాదస్తమే.

నా సూర్యుడి మీద

ప్లూటో అంటే ఏమిటో పుస్తకంలో చదివినప్పుడు తెలియలేదు. నా సూర్యుడి మీదికి వచ్చినప్పుడు తెలిసింది.

నా సూర్యుడు ధనుస్సులో ఇరవయ్యో భాగలో ఉన్నాడు. పట్టిక ముందేసుకుని చూసుకున్నాను: జనవరి చివర్లో మొదటి తాకిడి, జూలైలో వక్రించి రెండోది, డిసెంబర్‌లో మూడోది. సూర్యుడంటే ప్రాణశక్తి, తండ్రి, పెత్తనం, నేను అనే మాట. కాబట్టి పెద్ద పిడుగేదో పడుతుందని కాచుకుని కూర్చున్నాను.

పిడుగు పడలేదు. జనవరిలో ఏదో జాతకం గురించి నలుగురి ముందు గురువుగారు "దీనికింకా పసితనం పోలేదు" అని నవ్వారు. అంతే. అలాంటివి ఆయన వెయ్యి అన్నారు. ఈసారి మాత్రం ఆ మాట ముల్లులా ఉండిపోయింది. జూలై వచ్చేసరికి ఇంకో సంగతి గమనించాను. చెడ్డవార్త చెప్పబోయే ముందు గురువుగారు సన్నగా దగ్గుతారు. నేనూ దగ్గుతున్నాను. ఆయన ఆగేచోటే ఆగుతున్నాను. ఆయన అనే "చూడమ్మా"నే అంటున్నాను. ఇందులో నాది ఏదీ అని వెతుక్కుంటే ఏమీ దొరకలేదు.

ఆ భయం ఎలా ఉంటుందో చెప్తాను. పట్టపగలు మూడింటికి అమీర్‌పేట చౌరస్తాలో రోడ్డు దాటబోతూ ఆగిపోయాను. చుట్టూ జనం, ఆటోలు, కోర్సుల కరపత్రాలు పంచేవాళ్ళు. నా పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే పలకడానికి లోపల మనిషి లేదనిపించింది. అరగంట అక్కడే మెట్రో స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ఏ రోగమూ లేదు. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను, బీపీ బాగానే ఉందన్నారు.

డిసెంబర్‌లో నేను వేరే వెళ్తానని గురువుగారికి చెప్పాను. గట్టిగా చెప్పాలని వారం రోజులు మాటలు కూర్చుకున్నాను. తీరా అవేవీ అవసరం పడలేదు. ఆయన "సరే" అన్నారు. నాకు ఏడుపు రాలేదు, గెలిచినట్టూ లేదు. ఏ రోజు మారానో ఈ రోజుకీ వేలు పెట్టి చూపించలేను.

మీరు ఇది గుర్తు పెట్టుకోవాలి. ప్లూటో వల్ల బయట జరిగేవి చాలాసార్లు చిన్నవి. ఒకే విషయం మూడుసార్లు తలుపు తడుతుంది. మొదటిసారి కనిపిస్తుంది. వక్రంలో అది లోపలికి తవ్వుతుంది, వెనక్కి వెళ్ళి పాతలాగే బతకాలని చూస్తాం, కుదరదు. మూడోసారి ఊరికే ఒప్పుకుంటాం. ఒప్పుకునేటప్పటికి అంతా అయిపోయి ఉంటుంది. ఎదురుచూసేవాళ్ళకి అది దొరకదు. ఇది నాకు అంత బాగా తెలిసి ఉండి కూడా అండాలు అనే ఆమె జాతకం దగ్గర మరిచిపోయాను.

అద్దానికి పరదా

అండాలు పంజాగుట్టలో నా గదికి వచ్చింది ఒక ఆగస్టు నెలలో. అప్పటికి నలభై ఆరేళ్ళు ఉంటాయి. పుట్టింది పోచంపల్లి దగ్గర నేత ఇంట్లో. అమీర్‌పేటలో బావగారి టైలరింగ్ షాపులో ఇరవై ఏళ్ళ నుంచి బ్లౌజులు కత్తిరిస్తోంది. భర్త నర్సింలు అన్నగారి ఆ షాపులోనే మిషన్లు చూసుకుంటాడు. షాపుకి పేరొచ్చింది అండాలు కత్తెర వల్ల. బోర్డు మీద పేరు బావగారిది.

కూర్చోగానే గోడ అద్దానికి వీపు పెట్టి కుర్చీ తిప్పుకుంది.

"ఏమైందమ్మా?"

"ఏం గాలే అమ్మా. గదే పరేషాన్. ఏం గాలేదు గని నేను నాలెక్క లేను. ట్రయల్ రూముల అద్దం ఉంటది గద, అండ్ల నన్ను నేను చూస్తే వేరేటామె లెక్క అనిపిస్తుంది. అద్దానికి పరదా కట్టిన."

"ఎప్పటి నుంచి?"

"ఎండకాలం ముందు నుంచి. శివరాత్రి దాటినంక మా బావను అడిగిన, బోర్డు మీద నా పేరు సుత పెట్టచ్చు గదా అని. ఎందుకు అడిగిన్నో నాకే ఎరుకలే. ఇరవై ఏండ్లల ఎన్నడు అడగలే. ఆయన నవ్విండు. అడిగినందుకు మస్తు భయమైంది. మళ్ల జూన్ల పోయి తప్పయిందన్న. ఆయన సరేలే అన్నడు. అయినంక ఇంకా ఎక్కువైంది అమ్మా. నెమ్మదిగ మాట్లాడుదామన్న గొంతుల కోపమే వినొస్తుంది. కస్టమర్లు సుత నా మొకం చూసి జరుగుతున్రు."

ఇరవై ఏళ్ళ నుంచి తల వంచుకుని బతికిన మనిషికి తన కంఠమే తనకి కొత్తగా వినిపిస్తోంది. లగ్నమంటే శరీరం, ముఖం, లోకం మనల్ని చూసే తీరు, మనం లోకంలోకి నడిచి వెళ్ళే తీరు. లగ్నం మీద ప్లూటో ఉన్న మనిషి అచ్చం ఇలాగే మాట్లాడుతుంది. వాళ్ళ నాయన రాసి పెట్టిన నోటు పుస్తకం ఇచ్చింది: వినాయక నిమజ్జనం నాడు, మధ్యాహ్నం మూడుంపావు. లెక్క వేశాను. మకర లగ్నం, ఎనిమిదో భాగ.

ప్లూటో ఆ రోజు మకరంలోనే ఉంది, కానీ మూడో భాగ దగ్గర. ఇంకా అయిదు భాగలు. ఏడాదికి రెండు భాగల నడక. అంటే రెండున్నరేళ్ళు.

ఇక్కడ ఆగి "ఎవరి గడియారంలో చూశారు?" అని అడగవలసింది. ఈ లక్షణాలన్నీ ఇప్పుడే ఉన్నాయి, లెక్క మాత్రం తరవాత అంటోంది, ఎక్కడో తప్పుందని పసిపిల్లకి కూడా తట్టాలి. నాకు తట్టలేదు. చేతిలో కాగితం ఉంటే ఎదురుగా ఉన్న మనిషి కనబడటం మానేస్తుంది, అదీ మా వృత్తి రోగం.

"ఇది నీడ మాత్రమేనమ్మా," అన్నాను. "అసలు గ్రహం ఇంకా రాలేదు. రెండున్నరేళ్ళ తరవాత ఫిబ్రవరిలో లగ్నం మీదికి వస్తుంది. ఆగస్టులో మళ్ళీ వెనక్కి వచ్చి తాకుతుంది. ఆ డిసెంబర్‌లో మూడోసారి తాకి పోతుంది."

ఆమె నా ముఖంలోకి చూసి అడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"నీడకే గిట్లయితే, అది వచ్చినంక నేను నాలెక్క మిగుల్తనా అమ్మా?"

గురువుగారిలాగా సన్నగా దగ్గాను.

దూరంగా ఉంటే మంచిదేమో

మరుసటి జనవరిలో అండాలు బావగారి షాపు వదిలేసింది. గొడవ కూడా లేదట. పొద్దున వెళ్ళి కత్తెర తీసుకుని "పోయొస్త బావా" అని వచ్చేసింది. మధురానగర్‌లో కింది అంతస్తులో రెండు గదులు తీసుకుంది. ముందు గదిలో రెండు మిషన్లు, వెనక గదిలో సంసారం. సంసారమంటే ఆమె ఒక్కతే. నర్సింలు అన్నను కాదనలేక అక్కడే ఉండిపోయాడు.

సెప్టెంబర్‌లో బావగారు వచ్చి బ్లౌజుల అట్టలు అడిగాడు. గుడ్డ మీద పెట్టి కత్తిరించడానికి ఆమె తన చేతులతో కోసుకున్న అట్టలు. ఇవ్వనంది. నవంబర్‌లో తనే తీసుకెళ్ళి ఇచ్చేసి వచ్చింది. "ఇచ్చినంక చేతులు తేలిగ్గైనయి అమ్మా, కొత్తయి కోసుకుంటున్న" అని ఫోన్లో చెప్పింది. ఆ గొంతులో భయం లేదు. నేనది విన్నాను. విని, "మంచిదే కానీ ముందుంది చూడు, జాగ్రత్త" అన్నాను.

ఆ వెంటనే నర్సింలు అన్నను వదిలి ఒక బ్యాగుతో ఆమె గుమ్మం ముందుకు వచ్చాడు. అండాలు అతన్ని మెట్టు మీద కూర్చోబెట్టి ఆటో ఎక్కి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"వచ్చిండమ్మా. ఇంట్లకు రానీయాల్నా? గా గ్రహం వల్ల ఆయనకు ఏమన్న అయితదా? నా ఫికర్ లేదు, ఆయనకు ఏం గావొద్దు."

లగ్నానికి సరిగ్గా ఎదురుగా ఉండేది ఏడో స్థానం, భర్త స్థానం. లగ్నం మీద కూర్చున్న గ్రహం సూటిగా దాన్నే చూస్తుంది. ఇది శాస్త్రం. మారుతున్న మనిషి పక్కన కాపురం కూడా మారక తప్పదని దాని అర్థం. భర్త చస్తాడని కాదు. ఆ తేడా నాకు తెలుసు. కానీ ఆమె భయం నాకూ అంటుకుంది. రేపు ఏదైనా అయితే నా మీద పడుతుందన్న పిరికితనం కూడా ఉంది, దాచను.

"ఇంకో రెండేళ్ళు, ఆ డిసెంబర్ దాటేదాకా దూరంగా ఉంటే మంచిదేమో" అన్నాను.

"ఏమో" అన్నాను. నా రక్షణ కోసం తగిలించుకున్న ఆ "ఏమో" ఆమెకి వినబడలేదు. వినబడదని నాకు తెలుసు.

నర్సింలు ఎస్.ఆర్. నగర్‌లో ఉద్యోగాలు వెతుక్కునే కుర్రాళ్ళ హాస్టల్‌లో ఒక మంచం తీసుకున్నాడు. యాభై దాటిన మనిషి. కుర్రాళ్ళు "అంకుల్, మీరే కోర్సు?" అని అడిగేవారట. ప్రతి ఆదివారం మధురానగర్ వచ్చి గుమ్మం బయట మెట్టు మీద కూర్చునేవాడు. అండాలు మిషన్లు గడప దాకా తోస్తే అతను బయటి నుంచే నూనె పోసి, బెల్టులు బిగించి, టీ తాగి వెళ్ళేవాడు. గడప లోపల కాలు పెట్టలేదు. దాదాపు రెండేళ్ళు.

ఏమీ జరగని ఏడాది

నేను చెప్పిన ఫిబ్రవరి వచ్చింది. అండాలు పదిహేను రోజులు షాపు తెరవలేదు. రోజూ పొద్దున హాస్టల్‌కి ఫోన్ చేసి నర్సింలు గొంతు వినేదాకా నీళ్ళు ముట్టేది కాదు. గ్యాస్ సిలిండర్ బయట పెట్టించింది. కత్తెరలు మూట కట్టి బీరువాలో పెట్టింది. కత్తెర పట్టకపోతే ఆమెకి తిండి లేదు.

ఏమీ జరగలేదు.

నాకు ఫోన్ చేసి అడిగింది. "ఏం గాలే అమ్మా. పోయిందా?" నేను ఏమన్నానో వినండి, ఇలాంటి మాట మీరు ఎన్నడూ అనకండి. "బయటికి కనబడదమ్మా, లోపల జరుగుతూ ఉంటుంది" అన్నాను. ప్లూటో గురించి అది నిజమైన మాటే. అందుకే అది అంత ప్రమాదం. నెమ్మదిగా పనిచేసే గ్రహం మీద పెట్టి ఏ తప్పునైనా కప్పుకోవచ్చు. జరిగితే ప్లూటో, జరగకపోతే లోపల ప్లూటో. అలా మాట్లాడేవాడిని ఎవరూ ఎప్పటికీ పట్టుకోలేరు, వాడు తనని తాను కూడా పట్టుకోలేడు.

ఆగస్టు వచ్చింది. మళ్ళీ ఏమీ లేదు. ఈసారి చూడటానికి మధురానగర్ వెళ్ళాను. మనిషి సగమైంది. అద్దానికి పరదా లేదు, అది ఎప్పుడో తీసేసిందట. కళ్ళలో మాత్రం భయం. నాకూ భయం వేసింది, లెక్క తప్పిందేమోనని కాదు, డిసెంబర్‌లో నిజంగానే ఏదైనా అవుతుందేమోనని. చూడండి, అప్పటికి కూడా నా బుర్ర అటే పోతోంది.

పావుగంట

అక్టోబర్‌లో అండాలు వాళ్ళమ్మ, చిన్నకొడుకుకి పుట్టిన మనవరాలి జాతకం రాయించడానికి నా గదికి వచ్చింది. డెబ్బై అయిదేళ్ళ మనిషి, మాటకారి. పిల్ల పుట్టిన సమయం చెప్పి, "గిది పక్కా టైం అమ్మా, ఫోన్ల చూసి రాసిండ్రు" అంది. "మా అండాలు అప్పుడయితే ఫోన్లు యాడియి? మా ఇంట్ల గోడ గడియారమే. అదొక్కటి, ఎప్పుడు పావుగంట ముందే ఉంటుండె."

పెన్ను ఆపాను. "ముందు ఉండటం ఏంటమ్మా?"

"మా ఆయన పెట్టిండు. చీరల మూట తీస్కొని ఫస్టు బస్సుకు పట్నం పోవాలె గద. బస్సు తప్పిపోతదని గడియారం పావుగంట ముందుకు జరిపిండు. ఇంట్ల అందరికి ఎరికే. చూసుడు, పావుగంట తీసేసుడు."

"అండాలు పుట్టినప్పుడు రాసిన టైములో పావుగంట తీసేసి రాశారా?"

ఆమె ఆలోచించింది. "ఆయన గడియారం చూసి రాసిండు. తీసేసిండా లేదా... తీసెయ్యలే అనుకుంట. కాన్పు ఇంట్ల ఎవరికి యాదికుంటది అమ్మా?"

ఆవిడ వెళ్ళాక తలుపు వేసుకుని లెక్క మళ్ళీ వేశాను. మూడుంపావు కాదు, మూడు. పదిహేను నిమిషాలకి సుమారు నాలుగు భాగలు. లగ్నం ఎనిమిదో భాగ కాదు, నాలుగో భాగ. ప్లూటో నాలుగు భాగలు నడవడానికి రెండేళ్ళకు పైగా పడుతుంది. నా లెక్క అంత ఆలస్యంగా ఉంది.

నాలుగో భాగను ప్లూటో ఎప్పుడు తాకిందో పాత పట్టికల్లో వెతికాను. మార్చి: బావగారిని పేరు అడిగింది. జూన్, వక్రంలో: వెళ్ళి తప్పయిందంది. జనవరి: కత్తెర తీసుకుని వచ్చేసింది. అక్కడితో అయిపోలేదు, ఆ ఏడాది వక్రం సరిగ్గా నాలుగో భాగ అంచు దాకా వెనక్కి వచ్చింది. సెప్టెంబర్: అట్టలు ఇవ్వనంది. నవంబర్: ఇచ్చేసింది. అయిదు తాకిళ్ళు. అయిదూ ఆమె నోటితో నాకు చెప్పినవే.

నా వృత్తి జీవితంలో ఇంత చక్కగా కుదిరిన జాతకం ఇంకోటి లేదు. మకరంలో ప్లూటో ఆమె లగ్నాన్ని దాటిపోయి రెండేళ్ళయింది. చేతులు తేలికయ్యాయని ఆమె చెప్పిన రోజే అది ముగిసింది. ఆ తరవాత వచ్చి మొగుణ్ణి గుమ్మం బయట కూర్చోబెట్టింది నేను. గ్రహం కాదు.

ఆదివారం

ఆ ఆదివారం పొద్దున మధురానగర్ వెళ్ళాను. నర్సింలు అప్పటికే మెట్టు మీద ఉన్నాడు, గడప మీద మిషను పెట్టుకుని బెల్టు బిగిస్తున్నాడు. అండాలు లోపల నిలబడి ఉంది. ఇద్దరికీ వినబడేలా అంతా చెప్పాను. గడియారం సంగతి, నాలుగు భాగల సంగతి, అయిదు తాకిళ్ళు, అన్నీ. తప్పు నాదేనన్నాను. ఏ డిసెంబరూ లేదన్నాను.

అండాలు గడప దాకా వచ్చింది.

"అంటే నేను భయపడ్డది... అప్పటికే అయిపోయినదానికా?"

"అవునమ్మా."

"రెండేండ్లు ఈయనను మెట్టు మీద కూసోబెట్టింది..."

"నా మాట వల్లే."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నర్సింలు వైపు తిరిగి, "ఇంటివి గదా. లోపటికి రా" అంది.

నర్సింలు లేవలేదు. బిగించిన బెల్టునే విప్పి మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. అతనికీ భయమేనని అప్పుడు తెలిసింది. ఈ రెండేళ్ళలో అతని భయం గురించి నేను ఒక్కసారి కూడా అడగలేదు.

"రెండు నెలలే గదనే," అన్నాడు. "డిసెంబర్ దాటనీ. ఇన్ని దినాలు ఆగినం, జర ఆగుదాం."

"అమ్మ చెప్తుంది గద, ఏం లేదని."

అతను తల ఎత్తి నన్ను చూశాడు. కోపంగా కాదు, మర్యాదగానే అన్నాడు.

"అమ్మ అప్పుడు సుత గిట్లనే గట్టిగ చెప్పింది."

నేను నోరు తెరిచాను. భాగలు, నిమిషాలు, వక్రాలు అన్నీ నాలుక చివరికి వచ్చాయి. ఏది చెప్పినా ఆనాడు చెప్పినట్టే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి, అడిగినవాళ్ళు ఎదురుగా ఉండగా, ఏమీ చెప్పకుండా నోరు మూసుకున్నాను.

అండాలు మిషన్‌ని పక్కకి లాగింది. గడప దాటి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. అతను లేచాడు. ఒక కాలు గడప మీద పెట్టి ఆగిపోయాడు. అక్కడి నుంచి తల తిప్పి మళ్ళీ నా వైపే చూస్తున్నాడు, నేను సరే అంటానేమోనని, వద్దంటానేమోనని.

"ఆమె దిక్కు చూడకు," అంది అండాలు. "నా దిక్కు చూడు."

అతను అటు తిరిగాడు. రెండో కాలు కూడా లోపల పెట్టాడు. అండాలు నన్ను పిలవలేదు. తలుపు వేసింది.